బాపమ్మ నోట్‌బుక్కులో బంగారం రేటు, వడ్ల రేటు

ఈసారి పోస్టు జర పెద్దగానే ఉంటది. సెలవు రోజు తీరుబాటుగా చదవండి. మధ్యలో లెక్కలు ఉన్నయి, కానీ అన్నీ మనం రూమ్‌లో మెస్ ఖర్చు చూసుకునే లెక్కల లాంటివే, భయపడాల్సిన పని లేదు.

2025 ఏప్రిల్‌లో తులం బంగారం లక్ష దాటిన సంగతి మీకందరికీ తెలుసు. ఆ వారమే మా ఆవిడ ఇంటి నుంచి ఫోన్ చేసింది. ఊళ్లో ఒకాయన మూడు లక్షలు ఇస్తానన్నడట, నూటికి రెండు రూపాయల మిత్తి. మూడు తులాలు ఇప్పుడే కొని పెడితే మా బిడ్డ పెళ్లి నాటికి అక్కరకు వస్తదని ఆమె ఆలోచన. మా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. "ఇయ్యాల లక్ష, రేపు రెండు లక్షలు అయితది, బంగారం ఎన్నడన్న తగ్గిందా?" అన్నది. నాకూ నిజమే అనిపించింది. నేను ఇక్కడ ఏసీ మెకానిక్‌ను, జీతం 1,800 దిర్హమ్‌లు, అంటే అప్పుడు మన దగ్గర 42 వేలు. నెలకు ఆరు వేల మిత్తి కట్టుడు కష్టమే గానీ కట్టొచ్చు అనుకున్న.

ఎందుకో బాపమ్మకు ఒక మాట చెప్పాలనిపించి వీడియో కాల్ చేసిన. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. చెవులు సరిగ్గ వినపడవు గానీ లెక్క మాత్రం తప్పదు. అంతా విని, "నా బుక్కు చూసి తీసుకో బిడ్డా. చూడకుంట అప్పు తేకు" అన్నది.

మా తాత అవుసుల పని చేసేటోడు. జగిత్యాల దగ్గర మా ఊళ్లె, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లల్ల పుస్తెలు, కమ్మలు, ముక్కుపుడకలు ఆయన చేసినవే. ఆ ఇంట్లో ఒక పాత నోట్‌బుక్కు ఉందని చిన్నప్పటి నుంచి తెలుసు గానీ ఎన్నడూ తెరవలేదు. మా అత్త మనవరాలు దాన్ని పేజీ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. డ్యూటీ అయినంక మూడు రాత్రులు కూర్చొని చదివిన. ఆ బుక్కులో నాకు కనిపించింది మీతో చెప్పుకుందామనే ఈ పోస్టు.

మొదటి పేజీ 1968 నాటిది. తాత చేతిరాత. ఆ ఏడు ఎందుకు మొదలుపెట్టిండో బాపమ్మ చెప్పింది. అంతకు ఐదేళ్ల ముందు, చైనా యుద్ధం అయినంక 1963 జనవరిలో సర్కారు బంగారం మీద కట్టడి తెచ్చింది. అప్పుడు ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి. 14 క్యారెట్లకు మించిన నగ చేయొద్దన్నరు. 14 క్యారెట్లంటే 24 పాళ్లల్ల 14 పాళ్లే బంగారం. మన ఆడోళ్లు ఆ రంగు చూసి మొఖం తిప్పుకున్నరు. పని లేక ఎందరో అవుసులోళ్లు కూలికి పోయిండ్రు, మా తాత రెండు పంటలు నాట్లకు పోయిండట. 14 క్యారెట్ల నిబంధన 1966లో ఎత్తేసిండ్రు గానీ, 1968లో మొత్తం బంగారం నియంత్రణ చట్టమే వచ్చింది. మామూలు మనిషి దగ్గర నగ ఉండొచ్చు, బిస్కెట్టు ఉండొద్దు. ఎవరన్న ఆఫీసరు వచ్చి అడిగితే చూపెట్టాలని తాత ఒక బుక్కు కొని, బంగారం ఏ రేటుకు వచ్చింది, ఎవరికి ఏం చేసిచ్చిండు రాసుడు మొదలుపెట్టిండు.

మొదటి లెక్క: 1968, తులం 189 రూపాయలు.

ఇక్కడే నేను మొదటి తప్పు చేసిన. 189 నుంచి లక్షకు అంటే 529 రెట్లు అని గబగబా కాలిక్యులేటర్ కొట్టి బాపమ్మకు చెప్పిన. ఆమె నవ్వి, "గా తులం వేరు, గీ తులం వేరు రా" అన్నది.

అసలు తులం అంటే 11.66 గ్రాములు. తాత త్రాసులో 96 గురిగింజల ఎత్తు. ఇప్పుడు మన జగిత్యాల, కరీంనగర్ షాపుల్లో తులం అంటే పది గ్రాములే. పేరు అదే ఉంది, లోపల తూకం తగ్గింది. 189 రూపాయలను పది గ్రాములకు మారిస్తే 162 అయితది. కాబట్టి పెరిగింది 617 రెట్లు. మీ ఇంట్లో పాత చీటీ ఉంటే ముందు ఏ తులమో చూసుకోండి. పాత తులాన్ని కొత్త తులంతో నేరుగా పోల్చితే ఆరింట ఒక వంతు దాకా లెక్క తప్పుతది.

తాత రాసిన పేజీల్లో పెద్ద ఎగురుడు 1972, 1974 మధ్యన ఉంది. పాత తులం 236 నుంచి 590కి పోయింది, రెండేళ్లలో రెండున్నర రెట్లు. తాతకు కారణం తెలియదు. పక్కన "లోకం ఆగమైంది" అని మాత్రం రాసిండు. జరిగింది ఏందంటే, 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారం ఇచ్చుడు బంద్ చేసిండు. అంతవరకు దేశాల మధ్య ఔన్సుకు 35 డాలర్లని కట్టేసిన రేటు ఉండేది. ఆ తాడు తెగింది. రెండేళ్లకు 1973లో అరబ్ దేశాలు చమురు రేటు పెంచినయి, బంగారం ఇంకా ఎగిరింది. ఇంకో మాట, ఆ చమురు పైసలతోనే ఇక్కడ రోడ్లు, బిల్డింగులు మొదలైనయి, మన ఊళ్ల నుంచి మొదటి తరం దుబాయి పోయింది. అంటే తాత బుక్కులో రేటు ఎగిరిన కారణమే నన్ను ఈ రూమ్‌లోకి తెచ్చిన కారణం.

1980లో తాతకు పక్షవాతం వచ్చింది. అక్కడి నుంచి రాత మారింది. బాపమ్మ నాలుగో తరగతి చదివింది, పెద్ద పెద్ద అక్షరాలు. ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, "ఇగ నుంచి పది గ్రాముల తులం" అని రాసి గీత గీసింది. రెండు, బంగారం రేటు పక్కన ఇంకో వరుస పెట్టింది. వడ్ల రేటు.

ఎందుకు వడ్లు అని అడిగిన. "నగలు చేయించుకునేటోళ్లు ఎవలు? రైతులే. మీ తాతకు మజూరి కూడ సగం వడ్లే ఇస్తుండిరి. పంట అమ్మితేనే తులం కొంటరు. పైసలల్ల రాస్తే ఏడాదికోసారి పెరిగినట్టే కనవడ్తది. ఎన్ని వడ్లు పోతే తులం వస్తదో చూస్తేనే అసలు సంగతి తెలుస్తది" అన్నది.

ఆ రెండు వరుసలను నేను పదేళ్లకోసారి తీసుకొని ఇక్కడ పెడుతున్న. బంగారం పది గ్రాములకు, వడ్లు క్వింటాలుకు, సర్కారు మద్దతు ధర. చివరి సంఖ్య, తులం కొనాలంటే ఎన్ని క్వింటాళ్లు అమ్మాలి.

1980: బంగారం 1,330. వడ్లు 105. దాదాపు 13 క్వింటాళ్లు.
1990: బంగారం 3,200. వడ్లు 205. పదిహేనున్నర.
2000: బంగారం 4,400. వడ్లు 510. ఎనిమిదిన్నర.
2010: బంగారం 18,500. వడ్లు 1,000. పద్దెనిమిదిన్నర.
2020: బంగారం 48,650. వడ్లు 1,868. ఇరవై ఆరు.
2025: బంగారం లక్ష. వడ్లు 2,369. నలభై రెండు.

ఇప్పుడు మూడో లైన్ మళ్లీ చూడండి. 1990 నుంచి 2000 దాకా బంగారం రూపాయల్లో పెరిగింది, 3,200 నుంచి 4,400 అయింది. కానీ వడ్లల్ల చూస్తే దాదాపు సగానికి పడిపోయింది. "బంగారం ఎన్నడన్న తగ్గిందా" అని అడిగేటోళ్లకు జవాబు ఇదే. తగ్గింది, కానీ రూపాయి కాగితం చాటున తగ్గింది, అందుకే ఎవరికీ కనపడలేదు.

ఒక న్యాయం కూడా చెప్పాలి. వడ్లతో కొలిచే ఈ లెక్క పూర్తి సత్యం కాదు. అప్పటి కన్నా ఇప్పుడు ఎకరాకు ఎక్కువ పండుతది, మందుల ఖర్చు కూడా ఎక్కువే. మద్దతు ధర అందరికీ చేతికి రాదు, తాలు పేరుతో కోత ఉంటది. బాపమ్మకు ఇవన్నీ తెలుసు. అయినా ఆమె కొలత యాభై ఏళ్లకు దగ్గరగా ఒకటే తీరుగా నడిచింది, అందుకే దానితో ఒక ఏడును ఇంకో ఏడుతో పోల్చొచ్చు.

మరి 1990 తర్వాత ఎందుకట్ల సగమైంది? నేను దీని మీద రెండు రాత్రులు కూర్చున్న. మన దగ్గర బంగారం రేటు మీద మూడు చేతులు ఉంటయి. ఒకటి లోకం రేటు, డాలర్లల్ల. రెండు డాలరుకు ఎన్ని రూపాయలో అది. మూడు సర్కారు, అంటే సుంకం, చట్టం. ఈ మూడింటిని విడదీసి చూస్తే బుక్కులోని ప్రతి పేజీ అర్థమైతది.

1990 తీసుకుందాం. ఆ ఏడు లోకంలో ఔన్సు సగటున 383 డాలర్లు. ఔన్సు అంటే 31.1 గ్రాములు. కాబట్టి గ్రాము 12.3 డాలర్లు. డాలరుకు అప్పుడు పదిహేడున్నర రూపాయలు. గ్రాము 215, పది గ్రాములు 2,150 రూపాయలు. కానీ బాపమ్మ బుక్కులో 3,200 ఉంది. మధ్యలో వెయ్యి రూపాయలు ఎక్కడికి పోయినయి? బంగారం దిగుమతికి దారి మూసి ఉండె కాబట్టి, వచ్చేదంతా దొంగదారిన వచ్చేది. ఆ వెయ్యి స్మగ్లింగ్ చేసేటోళ్ల వాటా. ఊళ్లో పుస్తె చేయించుకున్న ప్రతి పేద తల్లీ వాళ్లకు ఆ పన్ను కట్టింది.

ఇప్పుడు 2000. ఔన్సు 279 డాలర్లు, గ్రాము దాదాపు 9 డాలర్లు. డాలరు 45 రూపాయలు. పది గ్రాములు 4,040. దిగుమతి సుంకం అప్పుడు పది గ్రాములకు 400. కలిపితే 4,440. బుక్కులో 4,400. చూసినరా, మధ్యలో దొంగ వాటా మాయమైంది.

అది ఎట్ల పోయిందో మనోళ్లకే ఎక్కువ తెలవాలి. 1990 జూన్‌లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. 1992లో సర్కారు ఇంకో తలుపు తెరిచింది. విదేశంలో ఆరు నెలలు ఉన్నోళ్లు సుంకం కట్టి ఐదు కిలోల దాకా బంగారం తెచ్చుకోవచ్చు. ఐదు కిలోలు ఏ కూలోడి దగ్గర ఉంటది? వ్యాపారుల బంగారం గల్ఫ్ నుంచి ఇంటికి పోయేటోళ్ల పేరు మీద దిగేది, పట్టుకపోయినోడికి టికెట్టో, కొంత పైసలో దొరికేవి. మా ఊరి పెద్దమనుషులు కొందరు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుంటరు. 1997 తర్వాత బ్యాంకులే నేరుగా తెచ్చుడు మొదలైంది. దారి సక్కగ అయినంక దొంగదారికి లాభం పోయింది.

ఈ మధ్యలో 1991 పేజీ ఒకటి ఉంది. దాని మీద బాపమ్మ ఎర్ర సిరాతో రాసింది: "సర్కారు కూడ బంగారం కుదువ పెట్టింది." రేడియోలో విని రాసిందట. ఆ జులైలో దేశం దగ్గర చమురు కొనడానికి డాలర్లు లేక, రిజర్వ్ బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టింది. అదే నెల 1న, 3న రూపాయి విలువ రెండుసార్లు తగ్గించిండ్రు, డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి పోయింది. బుక్కులో 1991లో 3,466 ఉన్న తులం, 1992లో 4,334. లోకంలో బంగారం పెరగలేదు, ఇంకా కొంచెం తగ్గింది. మన రూపాయి తగ్గింది. మన చేతిలో రూపాయి కరిగిపోతుంటే కరగకుండా నిలబడేది బంగారం, ఆ గుణం మాత్రం దానికి నిజంగ ఉంది. అది నేను కాదనను.

ఇగ అసలు ముచ్చటకు వస్త. బుక్కు మధ్యలో ఒక పేజీకి మడత పెట్టి ఉంది. 2012. అది మా చిన్నబాపు పేజీ.

2001 నుంచి 2011 దాకా బంగారం ఆగకుండా పెరిగింది, 4,300 నుంచి 26,400కి. ఊరంతా బంగారం పిచ్చిలో ఉన్నది. 2012లో తులం 31 వేలకు వచ్చింది. చిన్నబాపుకు ఇద్దరు ఆడపిల్లలు. ఇంకా పెరుగుతదని రెండు లక్షలు అప్పు తెచ్చిండు, నూటికి రెండు రూపాయల మిత్తి, ప్రామిసరీ నోటు రాసి. ఆరు తులాల నగలు కొన్నడు. 22 క్యారెట్ల రేటు 28,500, ఆరు తులాలకు 1,71,000. తరుగు, మజూరి కింద ఇంకో ఇరవై వేలు. ఉన్నయన్నీ పెట్టి ఇంటికి వచ్చేసరికి చేతిలో తొమ్మిది వేలు మిగిలినయి.

2013 ఏప్రిల్‌లో రెండే రోజుల్లో లోకం రేటు నూటికి పదమూడు దాకా పడింది. 2011లో 1,900 డాలర్లు ముట్టిన ఔన్సు, 2015 చివరికి 1,050 దగ్గరికి దిగింది. అంటే నలభై ఐదు శాతం పడింది. కానీ మన దగ్గర 31 వేల నుంచి 26 వేలకే దిగింది. ఎందుకంటే ఆ మిగతా రెండు చేతులు అడ్డం పెట్టినయి. రూపాయి పడింది, సర్కారు సుంకాన్ని 2 శాతం నుంచి 10 శాతానికి పెంచింది. అందుకే టీవీలో "స్వల్పంగా తగ్గిన పసిడి" అనే వచ్చింది, ఎవరూ భయపడలేదు.

చిన్నబాపుకు మాత్రం మూడేళ్లకు నోటు గడువు వచ్చింది. ఆ ఏళ్లల్ల వానలు సరిగ్గ లేవు, మిత్తి ఒక్క రూపాయి కట్టలేదు. నెలకు నాలుగు వేల చొప్పున మూడేళ్లకు 1,44,000 మిత్తి. అసలు రెండు లక్షలు. మొత్తం 3,44,000. నగలు అమ్ముదామని పోతే 22 క్యారెట్ల రేటు 24 వేలు. కరిగిస్తే పోయేది పోను చేతికి 1,40,000 వచ్చినయి. కొన్నప్పుడు కట్టిన తరుగు, మజూరి ఎవరూ వాపస్ ఇయ్యరు కదా. ఆరు తులాలు అమ్మితే మూడేళ్ల మిత్తి కూడా తీరలేదు, ఇంకా నాలుగు వేలు తక్కువ పడింది. అసలు కోసం అర్ధ ఎకరం పోయింది. కాలువ కింది భూమి.

ఆ పేజీ కింద బాపమ్మ రాసింది ఒక్కటే మాట: "బంగారం ముంచలే. మిత్తి ముంచింది."

నేను ఫోన్ పక్కన పెట్టి చానాసేపు ఊకే కూసున్న. ఆ అర్ధ ఎకరం అమ్మినప్పుడు నేను ఇక్కడే ఉన్న. చిన్నబాపు పిల్లల ఫీజు కోసం అమ్మిండని నాకు చెప్పిండ్రు.

తెల్లారి నా మూడు లక్షల లెక్క వేసుకున్న. ఊళ్లో నోటు మూడేళ్లకోసారి తిరగరాస్తరు, మిత్తి అసలులో కలుస్తది. రెండు రూపాయల మిత్తి అంటే మూడేళ్లకు నూటికి 72. లక్ష రూపాయలు మూడేళ్లకు 1,72,000. తిరగరాస్తే ఆరేళ్లకు 2,96,000. ఇప్పుడు బుక్కులో ఏ ఆరేళ్లైనా తీసుకొని చూద్దాం, బంగారం ఆ అప్పును దాటిందా?

2012 నుంచి 2018: 31,050 నుంచి 31,440. లక్షకు లక్షా వెయ్యి. అప్పు 2,96,000.

2019 నుంచి 2025, మనమందరం చెప్పుకుంటున్న ఈ బంగారు కాలం: 35,220 నుంచి లక్ష. లక్షకు 2,84,000. అప్పు 2,96,000. ఇంత పెరిగినా మిత్తి ఇచ్చినోడే గెలిచిండు.

2005 నుంచి 2011: 7,000 నుంచి 26,400. లక్షకు 3,77,000. ఇక్కడ బంగారం గెలిచింది. నిజం దాచొద్దు కాబట్టి ఇది కూడా చెప్తున్న. నేను చూసిన వాటిల్ల గట్టిగ గెలిచింది ఇదొక్కటే. దాంట్లోంచి కూడా కొన్నప్పటి తరుగు, అమ్మినప్పటి కోత తీసెయ్యాలి. పైగా ఆ ఆరేళ్లు మొదలైతున్నయని 2005లో ఎవరికీ తెలియదు. తెలిసినంక కొన్నది చిన్నబాపు లాంటోళ్లు.

ఇంకో లెక్క నా కోసం వేసుకున్న. బాపమ్మకు వడ్లు ఎట్లనో నాకు దిర్హమ్ అట్ల. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 అని కట్టేసి ఉంది, కాబట్టి ఇక్కడ రూపాయి చెయ్యి ఉండదు, లోకం రేటు నేరుగా కనపడ్తది. 2015లో నా జీతం 1,200. గ్రాము అప్పుడు 137 దగ్గర. నెల జీతం మొత్తం పెడితే ఎనిమిదిన్నర గ్రాములకు పైనే. 2025లో జీతం 1,800, గ్రాము 400 దగ్గర. నాలుగున్నర గ్రాములు. పదేళ్లల్ల నా పనితనం పెరిగింది, జీతం పెరిగిందని ఇంటికి చెప్పుకున్న. బంగారంతో కొలిస్తే నా జీతం సగమైంది.

ఇట్లాంటి సమయంలోనే భయమైతది, ఇంకా ఆలస్యమైతే ఎన్నడూ కొనలేమని. మా ఆవిడ భయం కూడ అదే, ఆమె తప్పేం లేదు. కానీ బుక్కులో చూస్తే జనం ఎగబడి కొన్నది బంగారం ఎక్కువ వడ్లకు దొరికినప్పుడే. 2000లో ఎనిమిదిన్నర క్వింటాళ్లకు దొరికినప్పుడు ఎవరూ ఎగబడలేదు. "బంగారం పని అయిపోయింది" అన్నరట. ఆ ఏడు బాపమ్మ తొమ్మిది క్వింటాళ్లు అమ్మి ఒక తులం కొన్నది. అప్పు లేదు. ఆ తులం ఇంకా ఆమె మెడలో ఉంది.

నేను మా ఆవిడకు ఈ పేజీల ఫోటోలు పంపిన. చిన్నబాపు పేజీ చూసి ఆమె రోజంతా మాట్లాడలేదు. మరునాడు తనే ఫోన్ చేసి, "ఆయనకు వద్దని చెప్పిన" అన్నది. ఇప్పుడు అనుకున్నది ఏందంటే, మిత్తికి పోవాల్సిన ఆ ఆరు వేలను నెల నెలా పక్కన పెట్టుడు. 2025 రేటుకు రెండు నెలలకోసారి ఒక గ్రాము దాకా వచ్చేది, 24 క్యారెట్ల బిళ్ల, తరుగు లేకుండ. రేటు తగ్గితే కొంచెం ఎక్కువ వస్తది, పెరిగితే తక్కువ. పెరిగినా తగ్గినా ఎవరికీ నోటు రాసి ఉండం. మూడు తులాలు ఎప్పటికైతదో తెలియదు. బిడ్డకు ఇంకా టైమ్ ఉంది, ముందు ఆమె చదువు.

ఒక జాగ్రత్త కూడా చెప్తున్న, మూడో చెయ్యి సంగతి మరువొద్దు. 2024 జులై బడ్జెట్‌లో సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించిండ్రు. మూడు నాలుగు రోజుల్లో తులం నాలుగు వేల దాకా దిగింది. ముందు రోజు కొన్నోడు ఏ తప్పూ చేయలేదు, అయినా నష్టపోయిండు. ఇక్కడి నుంచి ఇంటికి కొని పంపుదామనుకునేటోళ్లు కూడ ఆ సుంకం తేడా ఎంతో చూసుకోండి. 15 ఉన్నప్పుడు కనిపించిన లాభం 6 ఉన్నప్పుడు ఉండదు.

బాపమ్మకు చెప్పిన, అప్పు తేవట్లేదని. "మంచిది" అన్నది. తర్వాత, "గీ ఏడు రేటు నేను రాయలే రా. చేయి వణుకుతుంది. నువ్వు చెప్పు, పోరి రాస్తది" అన్నది. నేను చెప్పిన, మా అత్త మనవరాలు రాసింది: 2025, బంగారం లక్ష, వడ్లు 2,369. పక్కన ఇంకో వరుస పెట్టమన్న. దిర్హమ్ జీతం, నాలుగున్నర గ్రాములు. బాపమ్మ అద్దాలు పెట్టుకొని చూసి, "గింతేనా?" అన్నది.

మీ ఇంట్ల కూడ పాత నగల చీటీలు, కుదువ రసీదులు, పెళ్లి లెక్కల బుక్కులు ఉంటే పారెయ్యకుండ్రి. తీసి చూడుండ్రి. ఏ తులమో, ఎన్ని క్యారెట్లో, ఆ ఏడు వడ్లు ఎంతో, కూలి ఎంతో పెద్దోళ్లను అడిగి పక్కన రాయండి. మీ ఊరి లెక్క నా లెక్కకు కలుస్తదో లేదో కింద కామెంట్ల చెప్పండి. 1968 కన్నా ముందుది ఎవరి దగ్గరన్న ఉంటే తప్పకుండ చెప్పండి, బాపమ్మకు చదివి వినిపిస్త.